పోయిన పెట్టెలో లేని చీరలు

నేను గరివిడి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. నా జీవితంలో ఒక్కసారే విమానం ఎక్కాను. మలేషియాలో స్థిరపడిన తెలుగువాళ్ళు తమ పిల్లలకు వారాంతాల్లో తెలుగు నేర్పుకుంటున్నారు. అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళకు పది రోజుల శిక్షణ ఇవ్వమని ముగ్గురు పంతులమ్మల్ని పిలిచారు. ఇద్దరు హైదరాబాదు వాళ్ళు, మూడోదాన్ని నేను. టిక్కెట్లూ, ప్రయాణ బీమా అన్నీ వాళ్ళే పెట్టుకున్నారు. బీమా పాలసీ కాగితం మాత్రం నా పేరు మీద వచ్చింది. దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను గానీ చదవలేదు.

విశాఖపట్నంలో పెట్టె అప్పగిస్తే మళ్ళీ కౌలాలంపూర్‌లోనే తీసుకోవాలని చెప్పి, పెట్టెకు ఒక చీటీ కట్టి, అదే నంబరున్న చిన్న చీటీ బోర్డింగ్ పాసు వెనక అంటించి ఇచ్చారు. మధ్యలో చెన్నైలో విమానం మారాను, హైదరాబాదు వాళ్ళిద్దరూ అక్కడే కలిశారు. కౌలాలంపూర్‌లో దిగాక బెల్టు ముందు నిలబడితే ఒక్కొక్క పెట్టే వచ్చింది. హైదరాబాదు వాళ్ళవి రెండూ మెరిసే గట్టి పెట్టెలు, అవీ వచ్చేశాయి. నాది రాలేదు. బెల్టు ఆగిపోయింది.

మమ్మల్ని శిక్షణకు పిలిచినావిడే తీసుకెళ్ళడానికి వచ్చి, బయటినుంచి లోపలికి ఫోను చేసి, ఫిర్యాదు రాయించందే బయటికి రావద్దని చెప్పింది. ఆవిడ తాతముత్తాతలు శ్రీకాకుళం జిల్లా నుంచి రబ్బరు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు. ఆవిడిప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉంది. తెలుగు మాత్రం మా ఊరి ముసలమ్మలు మాట్లాడేదే.

"భయపడకు. నీ చేతికి కాయితం ఇస్తారు. అది లేకుండా వచ్చేస్తే తర్వాత ఎవుళూ నమ్మరు," అంది.

సామాను కౌంటరులో ఒక అమ్మాయి రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. సామాను తేడా వచ్చినప్పుడు విమాన సంస్థ రాసే రిపోర్టు అది. పి.ఐ.ఆర్. అంటారని తర్వాత తెలిసింది. నా పాసు వెనక చీటీ నంబరు ఎక్కించుకుంది. పెట్టెల బొమ్మలున్న అట్ట ఒకటి చూపించి నాది ఎలాంటిదో వేలు పెట్టి చూపించమంది. నీలం రంగు గుడ్డపెట్టె చూపించాను. గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగింది.

ఉన్నాయి. జిప్పు పాడైతే మా ఆయన పసుపు పచ్చ నైలాను తాడుతో నాలుగు వైపులా బిగించి కట్టారు. పిడికి ఎర్ర తువ్వాలు ముక్క చుట్టారు. నా పక్కన హైదరాబాదు వాళ్ళిద్దరూ తమ పెట్టెల మీద చేతులు ఆనించి నిలబడి ఉన్నారు.

"లేవు," అన్నాను.

లోపల ఏమున్నాయని అడిగింది. నాలుగు నేత చీరలు. అందులో ఒకటే పొందూరుది, మిగతావి బడికి కట్టుకెళ్ళేవి. అతుకు వేసిన లంగాలు, రెండు నైటీలు. నన్ను పిలిచిన ఆవిడ తల్లి అడిగిందని మూడు కిలోల చోడిపిండి, అదే రాగిపిండి. ఒక ఆవకాయ సీసా. అడుగున అట్టముక్కలతో నేను కత్తిరించిన అక్షరాలు, గుణింతాలతో సహా. పిల్లలు వేలితో తడిమి నేర్చుకోవడానికి వాటి మీద సన్నని ఇసుక అంటించాను. ఇరవై ఏళ్ళుగా వాటితోనే పాఠం చెబుతున్నాను.

ఇవన్నీ ఆ అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పాలి, ఆ ఇద్దరూ వింటూ ఉండగా. నా నోట్లోంచి వచ్చింది వేరే.

"బట్టలు. పట్టుచీరలు. మూడు. ఒకటి కంచిపట్టు."

ఆ అమ్మాయి రాసుకుంది. నేను సంతకం పెట్టాను. హైదరాబాదావిడ ఒకరు, "అయ్యో, మూడు పట్టుచీరలే!" అని నా భుజం పట్టుకున్నారు. నాకు అప్పుడు బాగానే అనిపించింది. అదే ఇప్పటికీ నన్ను కుదిపేసేది. ఆ క్షణంలో పెట్టె పోయిన బాధ కన్నా, నాకూ మూడు పట్టుచీరలున్నాయని వాళ్ళు నమ్మారన్న తృప్తి ఎక్కువైంది.

మర్నాడు శిక్షణ మొదలు. పట్టుచీరల సంగతి హైదరాబాదు వాళ్ళు చెబితే విని, నన్ను పిలిచిన ఆవిడ పొద్దున్నే రెండు జతల బట్టలు, ఒక కొత్త పట్టుచీర తెచ్చి నా మంచం మీద పెట్టింది.

"నీ సీరల్లాంటిది నాను కొనలేను గానీ, దీంతో సర్దుకో," అంది.

అవే మార్చి మార్చి కట్టుకుని, అక్షరాలు ఎలా నేర్పాలో పది రోజులు చెప్పాను. అట్టముక్కలు లేవు కాబట్టి బోర్డు మీద రాసి చెప్పాను. ఆవిడ తల్లికి తొంభై దగ్గర వయసు. ఒకసారి నన్ను చూసి ఏదో అడగబోయి ఊరుకుంది. నేనూ పిండి మాట ఎత్తలేదు. పట్టుచీరల మధ్య చోడిపిండి ఎలా వచ్చిందంటే ఏం చెప్పను?

ఐదో రోజున విమాన సంస్థ నుంచి మెయిల్లో పెద్ద ఫారం వచ్చింది. పెట్టె దొరకలేదు, లోపలి సామాను ఒక్కొక్కటీ రంగు, రకం, కొన్న చోటు, విలువతో సహా రాయండి అని. కౌంటరులో చెప్పినదానికి సరిపోవాలి కదా అనుకుని మూడు పట్టుచీరలూ రాశాను. రంగులు కూడా కల్పించాను. కంచిదానికి వంకాయరంగు, అంచు పసుపు. ఊళ్ళో ఎవరి పెళ్ళిలోనో చూసిన చీర అది.

ఇంటికి వచ్చాక మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. విజయనగరంలో బీమా ఏజెన్సీలో పని చేస్తాడు. పాలసీ కాగితం చదివి ఉత్సాహపడ్డాడు.

"అత్తా, ఇరవై ఒక్క రోజులు దాటితే పెట్టె పోయినట్టే లెక్క. విమానమోళ్ళ దగ్గిర పెట్టె పోనాదని లెటరు తీసుకో, ఆళ్ళెంత ఇస్తన్నారో అందులో ఉండాల. మిగతాది బీమావోళ్ళిస్తారు. క్లెయిం లెటరు నువ్వే రాయి, తెలుగు టీచరువి కదేటి, ఇంగ్లీషులో నాను దిద్దుతాను."

"ఏమేం పెట్టాలిరా?"

"పి.ఐ.ఆర్. అసలుది, బోర్డింగు పాసు, సామాను సీటీ, పాసుపోర్టులో ముద్రలున్న పేజీలు, కేన్సిల్ సేసిన సెక్కు. అన్నీ ఉన్నాయి కదా. ఇంకొకటే. ఖరీదైనయి ఏటి రాసినా బిల్లు ఉండాల. పట్టుసీరల బిల్లులున్నాయా?"

"వెతకాలి," అన్నాను.

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. చీరల మాట తీసేసి, మిగతావి రాసి, ఎంతొస్తే అంత అనుకోవచ్చు. కానీ తీసేస్తే ఎందుకు తీశావని వాడు అడుగుతాడు. పి.ఐ.ఆర్. మీద ఉన్నది క్లెయింలో లేకపోతే కంపెనీ వాళ్ళూ అడుగుతారు. నన్ను పిలిచినావిడకు తెలుస్తుంది. అబద్ధం చెప్పానని ఒప్పుకోవడం కన్నా దాన్ని నిలబెట్టడమే సులువనిపించింది. డబ్బు కోసం కాదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అదీ పూర్తి నిజం కాదు. కంచిచీర విలువ దగ్గర అంకె వేసేటప్పుడు నా చెయ్యి వెనకాడలేదు.

చీపురుపల్లిలో నా పాత విద్యార్థి ఒకడు బట్టల కొట్టు నడుపుతున్నాడు. నలభై ఏళ్ళు ఉంటాయి. పదో తరగతిలో తండ్రి పోతే చదువు మానేస్తానన్నాడు, ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో మాట్లాడి పరీక్షలు రాయించాను. ఎప్పుడు కనబడినా కొట్లోంచి లేచి వస్తాడు. నేను వెళ్ళి ఫ్యాను కింద కూర్చుని, చీరలు పోయాయి, బిల్లులు కనబడలేదు, ఒక బిల్లు కావాలి అని చెప్పాను. తన కొట్లో నేను ఎన్నడూ పట్టుచీర కొనలేదని అతనికి తెలుసు. కొనేది బడి చీరలే.

అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత బిల్లు పుస్తకం తీశాడు.

"తేదీ ఏటెయ్యమంటారు మేడమ్?"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అతని భార్య తల తిప్పి చూసింది. నేను రెండేళ్ళ కిందటి పెళ్ళిళ్ళ సీజను తేదీ ఒకటి చెప్పాను. అతను మూడు చీరలూ రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. టీ తెప్పిస్తానన్నాడు. వద్దని వచ్చేశాను.

క్లెయిం లెటరు రాయడానికి ఒక పూట పట్టింది. "నా చెక్-ఇన్ సామాను శాశ్వతంగా పోయినందున," అని మొదలుపెట్టి, జతపరచిన పత్రాల వరసకు నంబర్లు వేసి, చివర "పైన పేర్కొన్న వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు సత్యములు" అని సంతకం పెట్టాను. మా మేనల్లుడు చదివి, ఇంత బాగా రాసిన క్లెయిం లెటరు ఏజెన్సీలో ఎవరూ చూసుండరని మెచ్చుకున్నాడు.

నెల తిరక్కుండా కంపెనీ తరఫున విచారణకు ఒకాయన ఇంటికి వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి, చాలా మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. అసలు కాగితాలు చూసుకుని, "పెద్ద విషయమేమీ కాదండి. బిల్లు ఉన్న షాపులో ఒకసారి అడిగి రాసుకుంటే అయిపోతుంది," అన్నాడు. నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆటోలో దారంతా ఆయన రామతీర్థం వెళ్ళడానికి బస్సులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతూ వచ్చాడు. నేను జవాబులు చెప్పాను.

కొట్లో ఆయన బిల్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీదేనా?"

"మాదే సార్."

"ఈ అడ్రసుకి ఎప్పుడు మారారు?"

"మొన్న దసరాకి సార్. ముందు మెయిన్ రోడ్డులో ఉండీది."

"బిల్లు తేదీ రెండేళ్ళ కిందటిది. పైన అచ్చయిన అడ్రసు మాత్రం ఇదే."

ఆ మాట ఆయన గొంతు పెంచకుండానే అన్నాడు. కొట్లో ఇద్దరు ఆడవాళ్ళు చీరలు చూస్తున్నారు. వాళ్ళలో ఒకామె మనవరాలు మా బళ్ళోనే చదువుతోంది. నా విద్యార్థి బిల్లు కేసి చూశాడు. నా వంక చూడలేదు.

"పాత బిల్లు పోనాదంటే కొత్త పుస్తకంలో నానే రాసిచ్చినాను సార్. తప్పు నాదే. మేడమ్‌కి ఇయ్యన్నీ తెలీవు."

"అలాగా. అప్పటి పుస్తకంలో కార్బన్ కాపీ ఉంటుంది కదా, చూపించండి."

అతను లోపలికి వెళ్ళాడు. పుస్తకాల కట్టలు దించుతున్న చప్పుడు వినబడింది. లేనిదాన్ని వెతుకుతున్నాడు. నేను నోరు తెరిస్తే చాలు, అతను ఆ వెతుకులాట మానేస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళు బళ్ళో నిజం చెప్పమని పిల్లల్ని గద్దించిన నోరు అది. తెరుచుకోలేదు. అతని భార్య నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం కూడా లేదు. ఇంకా చెప్పవేం అన్నట్టు ఉంది. చొక్కా అంతా దుమ్ముతో, చెమటతో అతను బయటికి వచ్చి, షాపు మారినప్పుడు కొన్ని పుస్తకాలు పోయాయేమో అన్నాడు. విచారణకొచ్చినాయన వారంలో చూపించండి అని రాసుకుని, మా ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

"కంగారు పడకండి మేడమ్," అన్నాడు నా విద్యార్థి. "ఏదో ఒకటి సూద్దాం."

నేను తల ఊపి వచ్చేశాను. అప్పుడు కూడా చెప్పలేదు.

మా ఆయన ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఆ రోజు పొద్దుటి షిఫ్టు దిగి మధ్యాహ్నం వచ్చి అన్నం తింటుంటే ఆయనకు మొత్తం చెప్పాను. మొదటినుంచీ, తాడు సంగతితో సహా. ఆయనకు పెట్టె పోయిందని తెలుసు గానీ లిస్టులో ఏం రాశానో తెలియదు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. అన్నం కలపడం ఆపేశారు.

"ఆ తాడు నానే కట్టినాను. అది సెప్పడానికి సిగ్గేసినాదా?"

నేను కంచంలో పులుసు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"పెళ్ళినాటి సీర తప్ప ఇంకో పట్టుసీర కొన్లేదు నీకు. కొనుంటే ఈ అబద్ధం ఆడకపోదువు."

"అది కాదండి. మీ తప్పేముంది ఇందులో?"

"మరి ఏటి?" అని అడిగారు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆయన చెయ్యి కడుక్కుని లేచారు. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య కూర ఏం చెయ్యను, నీళ్ళు వచ్చాయా తప్ప వేరే మాట లేదు. నా అబద్ధం ఎన్ని చేతులు మారినా చివరికి వెళ్ళి ఆయన మీద పడింది. ఇంత కష్టపడి నన్ను చూసుకున్న మనిషి, తాను నాకేదో తక్కువ చేశానని ముద్ద మింగలేకపోయాడు.

ఆయనకు చెప్పిన రోజు సాయంత్రమే రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి బీమా కంపెనీకి. "నా క్లెయింలో పేర్కొన్న మూడు పట్టుచీరలు ఆ పెట్టెలో లేవు. అవి నావి కావు, అసలు లేవు. జతపరచిన బిల్లు నేను అడిగి రాయించుకున్నది. షాపు యజమాని నా పాత విద్యార్థి కావడం వల్ల కాదనలేకపోయాడు. ఆయన చెప్పిన మాటలు నన్ను కాపాడటానికి చెప్పినవి. క్లెయిం వెనక్కి తీసుకుంటున్నాను." ముందు ఉత్తరానికి పట్టిన సమయంలో నాలుగో వంతు కూడా పట్టలేదు దీనికి.

రెండోది విమాన సంస్థకు. వాళ్ళు ఇంకా డబ్బు చెల్లించలేదు. వాళ్ళకు పంపిన జాబితా తప్పని చెప్పి, అసలు జాబితా రాశాను. పసుపు తాడు, పిడికి ఎర్ర గుడ్డ, అతుకుల లంగాలు, మట్టిరంగు పిండి పొట్లాలు, ఆవకాయ సీసా, ఇసుక అంటించిన అట్ట అక్షరాలు. అన్నీ.

మా మేనల్లుడు ఫోను చేసి అరిచాడు. "అత్తా, ముందు నాకొక మాట సెప్పుండొచ్చు కదా! ఆ లెటరు దిద్దింది నాను. మా మేనేజరు నన్నేటనుకుంటాడు?" వాడి కోపం న్యాయమే. వాణ్ణి కూడా నా సంతకం కింద నిలబెట్టానని అప్పటిదాకా నాకు తట్టలేదు. కంపెనీ నుంచి జవాబు వచ్చింది. తప్పుడు పత్రం సమర్పించినందున పాలసీ నిబంధన ప్రకారం మొత్తం క్లెయిం తిరస్కరించడమైనది, అని ఒకటే పేరా. పొందూరు చీరకూ, నిజంగా పోయిన మిగతావాటికీ కూడా ఏమీ రాదు. షాపు మీద చర్యల మాట ఏమీ లేదని రెండుసార్లు చదివి చూసుకున్నాను.

ఇంకో పది రోజులకు విమాన సంస్థ నుంచి మెయిలు వచ్చింది. చెన్నైలో చీటీ ఊడిపోయిన పెట్టె ఒకటి గోదాములో ఉందనీ, మీ కొత్త వివరాలతో సరిపోతోందనీ. ఫొటో జతచేశారు. మా ఆయన కట్టిన ముడి అందులో స్పష్టంగా కనబడుతోంది.

తర్వాత ఫోన్లో మాట్లాడిన ఉద్యోగి చెప్పాడు. చీటీ పోయిన పెట్టెల్ని తెరిచి, లోపల ఏమున్నాయో రాసి, ప్రయాణికులిచ్చిన జాబితాలతో పోల్చి చూస్తారట. "మీరు మొదట్లో తాడు సంగతీ, పిండి సంగతీ రాసుంటే వారంలో దొరికేదమ్మా. మేము పట్టుచీరలున్న పెట్టె కోసం వెతికాం," అన్నాడు. మామూలుగా చెప్పాడు, ఎత్తిపొడుపేమీ లేదు. నేను థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశాను.

పెట్టె ఇంటికి వచ్చింది. ఆవకాయ సీసా పగిలి నూనె బట్టలన్నిటికీ పట్టింది. పొందూరు చీర పనికిరాదు. పిండి పురుగు పట్టిందని అక్కడే పారేశారట. అక్షరాలు నూనెకు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. మా ఆయన ఎండలో చాప పరిచి ఒక్కొక్కటీ విడదీశారు. అచ్చులన్నీ దక్కాయి, హల్లుల్లో పదకొండు చిరిగిపోయాయి. ఆయన ఆ పని చేస్తూ నాతో మాట్లాడటం మొదలుపెట్టారు, ముందు అక్షరాల గురించి, తర్వాత మామూలుగా.

మలేషియా ఆవిడకు ఫోను చేసి చెప్పాను.

"అయితే పిండి తెచ్చినావా? మాయమ్మ నువ్వు మర్సిపోనావనుకున్నాది. నన్ను అడగొద్దన్నాది, నువ్వు సిన్నబుచ్చుకుంటావని."

చీర తిరిగి పంపుతానన్నాను. "ఒద్దు," అని ఫోను పెట్టేసింది. ఆ తర్వాత శిక్షణకు నన్ను పిలవలేదు. పిలుస్తారని నేనూ అనుకోలేదు.

చీపురుపల్లి కొట్టుకు మాత్రం వెంటనే వెళ్ళలేకపోయాను. నెలన్నర ఆ వీధి తప్పించి తిరిగాను. ఒక ఆదివారం మా ఆయన స్కూటరు మీద ఎక్కించుకెళ్ళి కొట్టు ముందు దింపి, "నానిక్కడే ఉంటాను, ఎళ్ళు," అన్నారు. నా విద్యార్థి ఎప్పట్లాగే లేచి వచ్చాడు. నేను క్షమించమన్నాను. ఎంత చిన్న గొంతుతో అన్నానంటే మళ్ళీ అనాల్సి వచ్చింది.

"అలగనకండి మేడమ్," అన్నాడు. "మీకు కాపోతే ఎవుళికి రాసిస్తాను?"

అప్పుడతని భార్య గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"మేడమ్, మీరంటే మాకు గౌరవమే. కానీ ఇంకెప్పుడూ ఈయన్ని ఇలాటియి అడక్కండి. మీరడిగితే ఈయన కాదన్లేడు. అది మీకు తెలుసు. తెలిసే వచ్చినారు."

అతను ఆమెను వారించబోయాడు. నేను వద్దన్నాను. ఆమె చెప్పింది నేను ఏ ఉత్తరంలోనూ రాయలేకపోయిన సంగతి. మళ్ళీ అడగనని ఆమెకే మాటిచ్చాను. ఆమె తల ఊపి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. నేను బయటికి వచ్చి స్కూటరెక్కాను.